ఫైనల్ సెటిల్‌మెంట్ ఆలస్యమైతే: పాత కంపెనీకి రాసే మెయిల్‌లో ఏముండాలి

ఉద్యోగం మానేసిన రోజు సాయంత్రానికే ఆఫీసు మెయిల్, హెచ్‌ఆర్ పోర్టల్, చాట్ అన్నీ మూసుకుపోతాయి. రాజీనామా పంపిన మెయిల్, దాన్ని ఆమోదిస్తూ మేనేజర్ రాసిన జవాబు, మిగిలిన సెలవుల లెక్క, పేస్లిప్పులు అన్నీ కంపెనీ సర్వర్‌లోనే ఉండిపోతాయి. బకాయి రావలసింది ఉద్యోగికి, ఆ బకాయిని రుజువు చేసే కాగితాలున్నది కంపెనీ దగ్గర. ఫైనల్ సెటిల్‌మెంట్ కోసం నెలల తరబడి తిరిగే చాలామంది ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. అందుకే రాజీనామా ఇచ్చిన వారంలోనే సొంతానికి సంబంధించిన కాగితాలను, అంటే ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రాజీనామా ఆమోదం, సెలవుల బ్యాలెన్స్ కనిపించే పేజీని సొంత మెయిల్‌కు పంపుకోవాలి. ప్రాజెక్టు ఫైళ్లు, క్లయింట్ల సమాచారం మాత్రం ముట్టుకోకూడదు. అలాంటిది ఒక్కటి బయటికి వెళ్లినా, సెటిల్‌మెంట్ ఆపడానికి కంపెనీకి మంచి కారణం దొరుకుతుంది.

డబ్బు రాకపోతే ఎక్కువమంది రాసే మెయిల్ ఇలా ఉంటుంది: "సర్, నా సెటిల్‌మెంట్ ఇంకా రాలేదు. చాలాసార్లు ఫోన్ చేశాను. దయచేసి త్వరగా చేయండి." ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ అవతల కూర్చున్న మనిషి దీనితో చేయగలిగింది కూడా ఏమీ లేదు. రాసింది ఎవరు, ఏ రోజు మానేశారు, ఏ డబ్బు అడుగుతున్నారు, ఏ విభాగంలో ఆగింది అనేవి ఆ మెయిల్‌లో లేవు. కాబట్టి జవాబు కూడా అదే తీరులో వస్తుంది: "ప్రాసెస్‌లో ఉంది." మళ్లీ పదిహేను రోజులకు అదే మెయిల్, అదే జవాబు.

కంపెనీ లోపల ఈ పని ఎలా జరుగుతుందో తెలిస్తే, మెయిల్ ఎలా రాయాలో అర్థమవుతుంది. ఉద్యోగి వెళ్లిపోగానే ఒక క్లియరెన్స్ షీట్ తెరుస్తారు. లాప్‌టాప్, ఛార్జర్ వచ్చాయని ఐటీ వాళ్లు, ఐడీ కార్డు వచ్చిందని అడ్మిన్ వాళ్లు, పని అప్పగించారని మేనేజర్, అడ్వాన్సులు ఏమీ లేవని ఫైనాన్స్ వాళ్లు అందులో టిక్ పెట్టాలి. అన్ని టిక్కులూ పడ్డాకే పేరోల్ వాళ్లు లెక్క వేస్తారు. పేరోల్‌కు ప్రతి నెలా ఒక కటాఫ్ తేదీ ఉంటుంది. చాలా చోట్ల అది 20 నుంచి 25 మధ్య పడుతుంది. ఒక్క టిక్ ఆ తేదీ దాటాక పడితే లెక్క మొత్తం మరుసటి నెలకు జరుగుతుంది. అంటే చాలా ఆలస్యాల వెనక ఉన్నది దురుద్దేశం కాదు, ఎవరూ చూడని ఒక ఖాళీ గడి. ఆ గడి ఏదో కనుక్కోవడమే మొదటి మెయిల్ పని. కావాలని ఆపే కంపెనీలూ లేకపోలేదు. అది ఏ రకం ఆలస్యమో కూడా ఇదే మెయిల్‌కు వచ్చే జవాబుతో తేలిపోతుంది. మొదటి రకం కంపెనీ ఏ విభాగంలో ఆగిందో చెబుతుంది. రెండో రకం కంపెనీ నేరుగా అడిగిన ప్రశ్నకు కూడా జవాబు చెప్పదు.

ఇక "సెటిల్‌మెంట్" అని ఒక్క మాటలో అంటున్నాం గానీ, అందులో ఉన్న డబ్బులన్నిటికీ గడువు ఒకటి కాదు. చివరి నెల జీతానికి ఒక గడువు, గ్రాట్యుటీకి మరో గడువు, మిగిలిన సెలవుల డబ్బుకు ఎక్కువగా కంపెనీ నిబంధనలు, రాష్ట్ర చట్టాలు వర్తిస్తాయి. వేతనాల కోడ్, 2019 సెక్షన్ 17(2) ప్రకారం ఉద్యోగి రాజీనామా చేసినా, కంపెనీయే తీసేసినా, రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఈ కోడ్‌తో సహా నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందున్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో రెండు రోజుల గడువు యజమాని తీసేసిన సందర్భాలకే ఉండేది. పైగా ఆ చట్టం నెలకు 24,000 రూపాయల వరకు జీతం ఉన్నవాళ్లకే వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ పరిమితి లేదు. సూపర్‌వైజర్లు, మేనేజర్లు, సాంకేతిక ఉద్యోగులు కూడా దాని కిందికి వస్తారు. సాఫ్ట్‌వేర్, ఫార్మా, బ్యాంకింగ్ రంగాల్లో పనిచేసే తెలుగువాళ్లకు ఇది పెద్ద మార్పు. అయినా చాలా కంపెనీల ఎగ్జిట్ మెయిళ్లలో "30 నుంచి 45 రోజులు" అన్న పాత వాక్యమే ఇంకా కనిపిస్తోంది.

గ్రాట్యుటీ ఇప్పుడు సామాజిక భద్రత కోడ్, 2020 కిందికి వస్తుంది. శాశ్వత ఉద్యోగికి ఐదేళ్ల సర్వీసు ఉండాలి. ఉద్యోగం ముగిసిన రోజు నుంచి 30 రోజుల్లో ఇవ్వాలి. ఉద్యోగి తప్పు వల్ల కాకుండా అది దాటితే సాధారణ వడ్డీ కలుస్తుంది. ప్రావిడెంట్ ఫండ్ ఈ సెటిల్‌మెంట్‌లో భాగమే కాదు. దాన్ని ఇదే మెయిల్‌లో కలిపితే హెచ్‌ఆర్ వాళ్లు పీఎఫ్ గురించి జవాబిచ్చి, అసలు డబ్బు గురించి ఏమీ చెప్పకుండా ముగిస్తారు. పీఎఫ్ విషయం వేరే మెయిల్‌లో అడగాలి.

ఇదంతా ఒక ఉదాహరణలో చూద్దాం. ఒక ఉద్యోగిని హైదరాబాద్‌లోని ఒక మధ్యస్థాయి ప్రైవేటు కంపెనీకి ఖమ్మంలోని తన ఇంటి నుంచే పనిచేసేది అనుకుందాం. చేరింది 2020 జూన్ 8న. రాజీనామా ఇచ్చింది 2025 డిసెంబరు 2న. నోటీసు 60 రోజులు కాబట్టి చివరి పనిదినం 2026 జనవరి 30, శుక్రవారం. నెల జీతం 64,000, అందులో బేసిక్ 32,000. మిగిలిన సంపాదిత సెలవులు 14. జనవరి 12న సమర్పించిన ప్రయాణ బిల్లు 4,260. లాప్‌టాప్‌ను ఫిబ్రవరి 2న కొరియర్‌లో పంపింది, 4న అది హైదరాబాద్ ఆఫీసుకు చేరింది. జనవరి జీతాన్ని కంపెనీ "సెటిల్‌మెంట్‌తో కలిపి ఇస్తాం" అని ఆపింది. 45 రోజులు పడుతుందని ఎగ్జిట్ మెయిల్‌లో రాసింది.

మెయిల్ రాయడానికి ముందు ఆమె తన లెక్క తాను వేసుకోవాలి. జనవరిలో పనిచేసిన 30 రోజులకు, నెలకు 31 రోజుల చొప్పున, 61,935. గ్రాట్యుటీకి సర్వీసు ఐదేళ్ల ఏడు నెలలు దాటింది. ఆరు నెలలు మించిన భాగాన్ని పూర్తి సంవత్సరంగా లెక్కించాలి కాబట్టి ఆరేళ్లు. నెల వేతనాన్ని, అంటే ఇక్కడ బేసిక్ 32,000ను, 26తో భాగించి, 15తో హెచ్చించి, ఆరేళ్లతో గుణిస్తే 1,10,769. సెలవుల డబ్బు బేసిక్‌ను 30తో భాగించే కంపెనీలో 14,933 వస్తుంది, 26తో భాగించే కంపెనీలో 17,231 వస్తుంది. ఆమె ఆఫర్ లెటర్‌తో పాటు ఇచ్చిన సెలవుల పాలసీలో 30 అని ఉంది. బిల్లుతో కలిపి మొత్తం 1,91,897. ఇందులోంచి పీఎఫ్ వాటా, తెలంగాణలో నెలకు 200 రూపాయల వృత్తి పన్ను, ఆదాయపు పన్ను పోతాయి. కాబట్టి మెయిల్‌లో "నాకు 1,91,897 రావాలి" అని రాయకూడదు, "కోతలకు ముందు" అని తప్పక రాయాలి. ఈ ఒక్క మాట లేకపోవడం వల్ల నెట్ మొత్తానికీ గ్రాస్ మొత్తానికీ మధ్య జరిగే వాదనలోనే రెండు మూడు వారాలు పోతాయి.

మొదటి మెయిల్ లాప్‌టాప్ చేరిన మర్నాడే, ఫిబ్రవరి 5న వెళ్లాలి. అప్పటికే జీతం గడువు, శని ఆదివారాలు తీసేస్తే, ఫిబ్రవరి 3తో ముగిసింది. అయినా ఈ మెయిల్‌లో చట్టం ప్రస్తావన అవసరం లేదు. చట్టం పేరు కనిపించగానే హెచ్‌ఆర్ మనిషి ఆ మెయిల్‌ను తన చేతిలోంచి లీగల్ విభాగానికి పంపేస్తారు. అక్కడి నుంచి అది తిరిగి రావడానికి చాలా రోజులు పడుతుంది. ముందు కావలసింది సమాచారం. కంపెనీకి పంపేది ఇంగ్లిష్‌లో రాసినా, అందులో ఉండవలసిన సరుకు ఇదే:

"సబ్జెక్ట్: ఫైనల్ సెటిల్‌మెంట్ స్థితి – ఎంప్లాయీ ఐడీ (నంబరు), చివరి పనిదినం 30-01-2026

హెచ్‌ఆర్ విభాగానికి నమస్కారం.

నేను క్వాలిటీ విభాగంలో పనిచేసి 30-01-2026న రిలీవ్ అయ్యాను. నా సెటిల్‌మెంట్‌కు సంబంధించిన తేదీలు కింద ఇస్తున్నాను.

02-12-2025: రాజీనామా పంపాను (జత 1).
04-12-2025: మేనేజర్ ఆమోదించి, చివరి పనిదినం 30-01-2026 అని తెలిపారు (జత 2).
12-01-2026: ప్రయాణ బిల్లు రూ. 4,260 పోర్టల్‌లో సమర్పించాను (జత 3).
30-01-2026: పని అప్పగింత పూర్తయినట్టు మేనేజర్ మెయిల్ పంపారు (జత 4).
04-02-2026: లాప్‌టాప్, ఛార్జర్, ఐడీ కార్డు మీ ఆఫీసులో అందాయి. కొరియర్ రసీదు, అందినట్టు చూపే ట్రాకింగ్ పేజీ జత 5లో ఉన్నాయి.

దయచేసి రెండు విషయాలు తెలియజేయగలరు. క్లియరెన్స్‌లో ఇంకా ఏ విభాగం నుంచైనా ఆమోదం రావలసి ఉందా? సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ ఏ తేదీకి పంపగలరు?

జీతం జమయ్యే బ్యాంకు ఖాతా మారలేదు, చివరి నాలుగు అంకెలు (____). క్యాన్సిల్ చేసిన చెక్కు జత 6లో ఉంది. ఇకపై ఈ మెయిల్‌కు, ఈ నంబరుకు నన్ను సంప్రదించగలరు. ధన్యవాదాలు."

ఈ మెయిల్‌లో ఒక్క ఫిర్యాదూ లేదు. మర్యాద అంటే మాటిమాటికీ "దయచేసి" అనడం కాదు. చదివేవాళ్లు కాదనడానికి ఏమీ లేకుండా రాయడమే అసలైన మర్యాద. "మీరు కావాలనే ఆలస్యం చేస్తున్నారు" అన్న వాక్యాన్ని ఖండించవచ్చు. "04-02-2026న మీ ఆఫీసులో అందింది" అన్న వాక్యాన్ని రసీదు ఉండగా ఖండించలేరు. జతలకు ఇచ్చిన ఫైల్ పేర్లు కూడా అదే వరుసలో ఉండాలి: జత 1 రాజీనామా, జత 2 ఆమోదం అన్నట్టు. ఫోన్‌లో తీసిన ఫొటోలకు పడే అంకెల పేర్లతో పది ఫైళ్లు పంపితే ఎవరూ తెరవరు.

చివర ఉన్న రెండు ప్రశ్నలే ఈ మెయిల్‌కు ప్రాణం. "త్వరగా చేయండి" అంటే జవాబుగా "అలాగే" అనవచ్చు. "ఏ విభాగంలో ఆగింది" అంటే విభాగం పేరు చెప్పాలి, "ఏ తేదీకి" అంటే తేదీ చెప్పాలి. చెప్పకపోతే ఆ చెప్పకపోవడం కూడా రికార్డుకు ఎక్కుతుంది.

ఎవరికి పంపాలన్నది కూడా ముఖ్యమే. ఎగ్జిట్ పనులు చూసే హెచ్‌ఆర్ విభాగానికి ఒక ఉమ్మడి మెయిల్ ఐడీ ఉంటే అదే మొదటి చిరునామా కావాలి, వ్యక్తుల పేర్లు తర్వాత. హెచ్‌ఆర్‌లో మనుషులు తరచుగా మారుతుంటారు. మారిన మనిషి ఐడీకి రాసిన మెయిళ్లు ఎవరూ చదవకుండా పడి ఉంటాయి, పంపినవాళ్లకు ఆ సంగతి తెలియదు. మొదటి మెయిల్‌లోనే ఎండీకి కాపీ పెట్టడం మంచిది కాదు. పాత మేనేజర్‌కు కాపీ పెట్టాలా అంటే, పని అప్పగింతపై సందేహం ఉంటే తప్ప అక్కర్లేదు. ఫోన్ చేయడంలో తప్పులేదు, నిజానికి పని తొందరగా తెలిసేది ఫోన్‌లోనే. అయితే ఫోన్ పెట్టేశాక అదే మెయిల్ గొలుసులో రెండు వాక్యాలు రాయాలి: "ఇవాళ ఉదయం ఫోన్‌లో మీరు చెప్పిన ప్రకారం ఐటీ క్లియరెన్స్ ఇంకా పడలేదు, 12వ తేదీలోగా పడుతుంది. నేను సరిగ్గా అర్థం చేసుకోకపోతే సరిచేయగలరు." ఈ చివరి వాక్యం వల్ల ఫోన్‌లో అన్న మాట కాగితం మీదికి వస్తుంది, అవతలివాళ్లకు నొప్పీ కలగదు.

ఉదాహరణలోని ఉద్యోగినికి ఫిబ్రవరి 9న జవాబు వచ్చిందనుకుందాం: "ఐటీ క్లియరెన్స్ పెండింగ్." లాప్‌టాప్ చేరింది నిజమే, కానీ దాన్ని తీసుకున్నది రిసెప్షన్, ఐటీ వాళ్ల రిజిస్టర్‌లోకి ఎక్కలేదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల విషయంలో ఇది తరచుగా జరుగుతుంది. ఇలాంటప్పుడు మళ్లీ మొత్తం కథ రాయకుండా, కొరియర్ రసీదు నంబరు, లాప్‌టాప్ సీరియల్ నంబరు, అందుకున్నవారి సంతకం ఉన్న ట్రాకింగ్ పేజీ ఈ మూడింటినే జవాబులో పెట్టి, "ఐటీ విభాగానికి కూడా కాపీ పెడుతున్నాను" అని రాస్తే చాలు. సీరియల్ నంబరు పంపేముందే రాసి పెట్టుకోవాలి, పెట్టెలో సర్దుతున్నప్పుడు ఛార్జర్‌తో సహా ఒక ఫొటో తీసుకోవాలి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

రెండో మెయిల్ గ్రాట్యుటీ గడువు దాటాక వెళ్లాలి. జనవరి 30 నుంచి 30 రోజులంటే మార్చి 1. ఆ రోజు ఆదివారం కాబట్టి 3న రాస్తే బాగుంటుంది. ఇది కొత్త మెయిల్ కాకూడదు, మొదటి దానికే జవాబుగా పోవాలి. అప్పుడు పాత తేదీలన్నీ కింద కనిపిస్తూనే ఉంటాయి, మళ్లీ వివరించే పని ఉండదు. ఇందులో జీతం, గ్రాట్యుటీ, సెలవులు, బిల్లు నాలుగింటినీ విడివిడిగా, ఒక్కో దానికి ఒక్కో అంకెతో, కోతలకు ముందు అని చెబుతూ రాయాలి. గ్రాట్యుటీ దరఖాస్తు ఇంకా ఇవ్వకపోతే ఇప్పుడైనా జతచేయాలి. దరఖాస్తు వచ్చినా రాకపోయినా లెక్కించి తెలియజేయాల్సిన బాధ్యత యజమానిదే అయినా, దరఖాస్తు లేదన్న సాకును మిగల్చకపోవడం మేలు. అడగవలసిన ప్రశ్న ఇప్పుడు ఒక్కటే: "మార్చి నెల పేరోల్ కటాఫ్‌లోగా ఇవి చేరతాయా, ఆ కటాఫ్ ఏ తేదీ?" కటాఫ్ గురించి అడిగితే, లోపల పని ఎలా నడుస్తుందో ఈ మనిషికి తెలుసని అవతల అర్థమవుతుంది.

కంపెనీ చెప్పిన 45 రోజులు మార్చి 16తో పూర్తవుతాయి. అప్పటికీ ఏమీ రాకపోతే మూడో మెయిల్‌లో మాత్రం చట్టం రావాలి, అదీ బెదిరింపుగా కాదు, మరో తేదీగా. "వేతనాల కోడ్, 2019 సెక్షన్ 17(2) ప్రకారం జనవరి వేతనం చెల్లించవలసిన తేదీ 03-02-2026. సామాజిక భద్రత కోడ్, 2020 సెక్షన్ 56 ప్రకారం గ్రాట్యుటీ చెల్లించవలసిన తేదీ 01-03-2026. మీరు తెలిపిన 45 రోజుల గడువు 16-03-2026తో ముగిసింది. 31-03-2026లోగా చెల్లింపు గానీ, చెల్లింపు తేదీ తెలిపే జవాబు గానీ పంపగలరు." ఈ నాలుగు వాక్యాల తర్వాత "లేకపోతే కోర్టుకు వెళ్తాను" అని అనక్కర్లేదు. చదివేవాళ్లకు అర్థమవుతుంది. ఈసారి హెచ్‌ఆర్ అధిపతికి కాపీ పెట్టవచ్చు. ఇదే పాఠాన్ని కాగితం మీద సంతకంతో కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు, అందినట్టు రుజువు తిరిగి వచ్చే ఏర్పాటుతో పోస్టులో కూడా పంపాలి. రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా ఆఫర్ లెటర్ అడుగున ఉంటుంది. పనిచేసిన ఆఫీసు చిరునామా అదే కావాలని లేదు.

ఆలస్యం ముగిసి స్టేట్‌మెంట్ వచ్చాక కూడా జాగ్రత్త అవసరమే, ఎందుకంటే తప్పులు దొరికేది అందులోనే. మన ఉదాహరణలో మార్చి 20న వచ్చిన స్టేట్‌మెంట్‌లో గ్రాట్యుటీ 92,308 అని ఉందనుకుందాం. అంటే ఐదేళ్లకే లెక్క వేశారు, ఏడు నెలల భాగాన్ని వదిలేశారు, తేడా 18,461. ఇంకో వరుసలో "ఛార్జర్ అందలేదు, 2,500 కోత" అని ఉంది. పెట్టె సర్దేటప్పుడు తీసిన ఫొటో ఇప్పుడు పనికొస్తుంది. నోటీసు పూర్తిగా చేయనివాళ్లు స్టేట్‌మెంట్‌లో ఇంకొకటి కూడా చూసుకోవాలి. నోటీసు కొరతకు కోసిన డబ్బు మీద కొన్ని కంపెనీలు 18 శాతం జీఎస్టీ కూడా కోసేవి. అలా వసూలు చేసిన నోటీసు డబ్బుకు జీఎస్టీ వర్తించదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టు 3 నాటి 178/10/2022 సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. ఆ సర్క్యులర్ నంబరు ఒక్కటి జవాబులో రాస్తే సరిపోతుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. స్టేట్‌మెంట్‌తో పాటు "నాకు రావలసినదంతా అందింది, ఇక ఎలాంటి క్లెయిమూ లేదు" అన్న పత్రం మీద సంతకం అడుగుతారు. డబ్బు వస్తే చాలన్న టెన్షన్‌లో సంతకం పెట్టేస్తారు. తర్వాత గ్రాట్యుటీ తేడా అడిగితే ఆ సంతకాన్నే చూపిస్తారు. డబ్బు ఖాతాలో పడకముందు "అందింది" అని రాయడం నిజం కూడా కాదు. ఇలాంటప్పుడు జవాబు ఇలా ఉండాలి: "స్టేట్‌మెంట్‌కు ధన్యవాదాలు. జీతం, సెలవులు, బిల్లు లెక్కలను నేను అంగీకరిస్తున్నాను. గ్రాట్యుటీ సర్వీసు సంవత్సరాలు, ఛార్జర్ కోత ఈ రెండింటిపై మాత్రం నా వివరణ కింద ఇస్తున్నాను. వివాదం లేని మొత్తాన్ని ఇప్పుడే జమ చేసి, ఈ రెండింటినీ విడిగా పరిశీలించగలరు." ఒప్పుకున్నది ఒప్పుకుని, రెండింటినే పక్కన పెట్టడంతో లక్షన్నరకు పైగా ఉన్న మొత్తం ఇరవై వేల తగాదా కోసం ఆగిపోదు.

మూడో మెయిల్‌కు, పోస్టులో పంపిన ఉత్తరానికి కూడా జవాబు రాకపోతే కార్మిక శాఖ దగ్గరికి వెళ్లవలసిందే. హైదరాబాద్‌లోని మామూలు ప్రైవేటు కంపెనీ అయితే రాష్ట్ర కార్మిక శాఖ పరిధి. బ్యాంకు, బీమా, టెలికాం, విమానయానం, రైల్వే లాంటి సంస్థలైతే కేంద్ర కార్మిక శాఖ పరిధి. వేతన క్లెయిమ్‌కు వేతనాల కోడ్ సెక్షన్ 45 మూడేళ్ల గడువు ఇస్తుంది. విచారించే అధికారి అసలు మొత్తంతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం కూడా విధించవచ్చు. గ్రాట్యుటీ క్లెయిమ్ దానికి సంబంధించిన అధికారి దగ్గర వేరేగా నడుస్తుంది. అందుకే రెండో మెయిల్ నుంచే అంకెలను విడివిడిగా రాయాలని చెప్పింది. రెండు దరఖాస్తులకు కావలసిన తేదీలు, జతలు ఆ మెయిల్ గొలుసులోనే సిద్ధంగా ఉంటాయి. కొత్తగా చేయవలసింది ముద్రించి సంతకం పెట్టడమే. మొదటి విడతలో అధికారి సాధారణంగా కంపెనీ ప్రతినిధిని పిలిచి మాట్లాడతారు. ఆ గదిలో కథంతా చెప్పడానికి సమయం ఉండదు. తేదీల కాగితం ఒక్కటే చేతులు మారుతుంది.

అప్పుడప్పుడూ డబ్బు వచ్చినా ఖాతాలో కనిపించదు. కంపెనీ తెరిపించిన జీతం ఖాతాను ఉద్యోగి మూసేసి ఉంటే చెల్లింపు తిరిగి వెళ్లిపోతుంది. పేరోల్ రికార్డులో మాత్రం "చెల్లించాం" అనే ఉంటుంది. ఇలా అన్నప్పుడు వాదించకుండా లావాదేవీ నంబరు, అంటే యూటీఆర్ అడగాలి. ఆ నంబరుతో బ్యాంకువాళ్లు డబ్బు ఎక్కడికి చేరిందో చెబుతారు. సెటిల్‌మెంట్ ముగిసేదాకా ఆ ఖాతాను మూయకపోతే ఈ చిక్కే ఉండదు.

డబ్బు జమ అయ్యాక కూడా ఒక మెయిల్ మిగిలి ఉంటుంది. ఎంత వచ్చింది, ఏ తేదీన వచ్చింది, ఏది ఇంకా రాలేదు అన్నది అందులో రాయాలి: "28-03-2026న వివాదం లేని మొత్తం జమ అయింది. గ్రాట్యుటీ తేడా 18,461, ఛార్జర్ కోత 2,500 మీ పరిశీలనలో ఉన్నాయి. పీఎఫ్ పోర్టల్‌లో ఎగ్జిట్ తేదీ ఇంకా నమోదు కాలేదు, దానికి విడిగా రాస్తాను. ఫారం 16 ఈ మెయిల్ ఐడీకే పంపగలరు." ఫారం 16 సాధారణంగా జూన్ మధ్యకు వస్తుంది. ఆఫీసు మెయిల్ ఎప్పుడో మూసుకుపోయింది కాబట్టి, సొంత ఐడీ ఇవ్వకపోతే ఆ ఫారం ఎవరూ తెరవని ఇన్‌బాక్స్‌కు వెళ్తుంది.